గోడ మీది సూక్తికి కొత్త మాట

‘ఓటమి విజయానికి...’ అని ఆపి పక్కవాళ్ల వైపు చూడండి. ‘తొలి మెట్టు’ అని వాళ్లే అందుకుంటారు. ‘చీకటి తర్వాత...’ అంటే ‘వెలుగు’ అంటారు. ‘కృషి’ అనగానే ‘పట్టుదల’ దానంతటదే వచ్చి పక్కన చేరుతుంది. అరిగిపోయిన మాటను పట్టుకోవడానికి ఇంతకంటే సులువైన పరీక్ష లేదు. వాక్యంలో సగం చదివి మిగతా సగాన్ని చేత్తో మూసేయండి. వినేవాళ్లు దాన్ని పొల్లుపోకుండా పూరించగలిగితే, అసలు వాక్యం వాళ్ల చెవిలో పడనే లేదని అర్థం. ఎప్పుడో గుర్తుండిపోయిన దాన్ని తిరిగి అప్పజెప్పారంతే. పొద్దున్నే ఫోన్లో వచ్చే శుభోదయం సందేశాల్లో ఎక్కువ భాగం ఈ పరీక్షకు నిలవవు. కింద మహనీయుల పేరు పెట్టినా మాటకు కొత్తదనం రాదు.

పాతదైన ప్రతి మాటా అరిగిపోయినట్టేనా? కాదు. జార్జ్ ఆర్వెల్ 1946లో రాసిన ‘పాలిటిక్స్ అండ్ ది ఇంగ్లిష్ లాంగ్వేజ్’ వ్యాసంలో ఈ తేడాను చక్కగా విడదీశాడు. కొత్త ఉపమానం కళ్లముందు బొమ్మ కట్టిస్తుంది. పూర్తిగా పాతబడినది మామూలు మాటగా మారిపోతుంది, దానివల్ల నష్టమేమీ లేదు. మనం ‘ఉల్లి ధర పడిపోయింది’ అంటాం. ఏదో కిందపడినట్టు ఎవరూ ఊహించుకోరు, కానీ విషయం అందుతుంది. చిక్కంతా ఈ రెండింటి మధ్యలో ఉన్నవాటితోనే. ‘విజయ శిఖరాలు అధిరోహించడం’ అలాంటిది. అందులో కొండ కనిపించదు, ఎక్కేవాడి ఆయాసం వినిపించదు, పోనీ మామూలు మాటలా విషయమైనా చెప్పదు. గొప్పగా ధ్వనిస్తుంది, అంతే.

తెలుగు సూక్తుల్లో అరుగుదల రెండు చోట్ల ఎక్కువగా కనిపిస్తుంది. ఒకటి ‘అనే’ దగ్గర. జీవితమనే పుస్తకం, ఓటమి అనే మెట్టు, ఆత్మవిశ్వాసమనే ఆయుధం. ‘అనే’ పెట్టి కలిపితే ఏ రెండైనా అతుక్కుంటాయి కాబట్టి రాసేవాళ్లకు ఆలోచించే పని తప్పుతుంది. ఇలాంటివి రెండు మూడు ఒకే వాక్యంలో చేరితే శిఖరం ఎక్కుతున్నవాడు మధ్యలో అలలకు ఎదురీదాల్సి వస్తుంది! బొమ్మ గీసి చూసుకుంటే ఈ తప్పు వెంటనే బయటపడుతుంది.

రెండోదాన్ని పట్టుకోవడం కష్టం, ఎందుకంటే అక్కడ అరిగిపోయింది మాట కాదు, అచ్చు. ‘పడిపోవడం ఓటమి కాదు, పడి లేవకపోవడమే ఓటమి’ అన్న పోలికలో ఎన్ని సూక్తులు చదివి ఉంటాం! ‘ఫలానాది ఇది కాదు, అది’ అనే ఆ అచ్చులో ఎంత తాజా పదం పోసినా మొదటి సగం చదవగానే రెండో సగం ఎటు తిరుగుతుందో తెలిసిపోతుంది. నా దృష్టిలో అరిగిన మాటకంటే అరిగిన అచ్చే ప్రమాదం. పదాలు మార్చాం కదా అని రాసినవాళ్లు తృప్తిపడి ఊరుకుంటారు.

ఇక మార్చడం ఎలాగో ఒక ఉదాహరణ తీసుకుందాం. హైదరాబాద్ అశోక్‌నగర్‌లో గ్రూప్స్‌కి చదివేవాళ్లు కూర్చునే ఒక రీడింగ్ రూమ్ గోడ మీద ఈ వాక్యం ఉందనుకోండి: ‘పట్టుదలతో ముందుకు సాగితే విజయ శిఖరాలు అధిరోహించడం ఖాయం.’

చాలామంది మొదట చేసే పని శిఖరాన్ని తీసేసి ‘ఎవరెస్టు’ అనో ‘ఆకాశం’ అనో పెట్టడం. దానివల్ల వాక్యం కదలదు. ముందు అరిగిన ముక్కలన్నీ కొట్టేసి ఏం మిగిలిందో చూడాలి. ‘ముందుకు సాగడం’ పోయింది, ‘విజయ శిఖరాలు’ పోయాయి, ‘అధిరోహించడం’ పోయింది. ‘ఖాయం’ మరో కారణంతో పోవాలి: అది నిజం కాదు. పోస్టులు వందల్లో, రాసేవాళ్లు లక్షల్లో ఉండే పరీక్షలో కష్టపడ్డవాళ్లందరికీ ఉద్యోగం రాదన్న సంగతి ఆ గదిలో కూర్చున్నవాళ్లకే అందరికంటే బాగా తెలుసు. వాళ్లకు అబద్ధం చెప్పే వాక్యం గోడ మీద ఉండకూడదు. చివరికి మిగిలింది ‘పట్టుదల’ ఒక్కటే.

అప్పుడు అడగాల్సిన ప్రశ్న: ఈ గదిలో పట్టుదల ఎలా కనిపిస్తుంది? ఇక్కడున్నవాళ్లలో చాలామంది ఇంతకుముందు ఒకసారి రాసి, కొన్ని మార్కుల్లో పోగొట్టుకున్నవాళ్లు. వాళ్లకు అన్నిటికంటే కష్టమైన పని పాత ప్రశ్నపత్రం తీసి, తప్పు పెట్టినవాటిని మళ్లీ చూడటం. వచ్చిన చాప్టరే ఇంకోసారి చదివితే హాయిగా ఉంటుంది. రానిదాన్ని తెరవడానికి మనసొప్పదు. పట్టుదల అంటే ఇక్కడ ఆ పేజీ తెరవడమే. ఇది దొరికాక వాక్యం రాయడం సగం అయినట్టే.

మొదటి ప్రయత్నం: ‘నీ తప్పులే నీ గురువులు.’ ఇది వెంటనే పక్కన పెట్టాల్సిందే, సగం మూస్తే ఎవరైనా పూరిస్తారు. రెండోది: ‘తప్పుల విశ్లేషణతో అధ్యయనం ప్రారంభించు.’ విషయం ఉంది కానీ ఆఫీసు సర్క్యులర్‌లా ఉంది, ఆ గదిలో ఎవరూ అలా మాట్లాడరు. వాళ్లు ‘ఆ క్వశ్చన్ తప్పు పెట్టాను’ అంటారు. ఆ మాటనే తీసుకుంటే మూడోది వచ్చింది: ‘పోయినసారి తప్పు పెట్టిన ప్రశ్న దగ్గరే ఈ రోజు పుస్తకం తెరువు.’

ఇందులో అలంకారం లేదు. ఒక ప్రశ్న, ఒక పుస్తకం, ఒక రోజు ఉన్నాయి. చదివినవాళ్లకు తాము తప్పు పెట్టిన ప్రశ్న ఏదో ఒకటి తప్పకుండా గుర్తొస్తుంది. ఇంకొక్క దిద్దుబాటు మిగిలింది. సూక్తులు అలవాటుగా అందరినీ ‘నువ్వు’ అంటాయి. ఇక్కడ చదివేవాళ్లలో పాతికేళ్లు దాటినవాళ్లు, పిల్లలున్న తల్లులు కూడా ఉంటారు. కాబట్టి ‘తెరవండి’ అనాలి. బయటికి చదివి చూస్తే గొంతు కూడా మెత్తబడుతుంది.

ఇదే వాక్యాన్ని పదో తరగతి గదిలోనో కబడ్డీ కోర్టు పక్కనో రాస్తే పనికిరాదు. అదే దాని బలం. ఎక్కడైనా సరిపోయే సూక్తి ఎవరికోసమూ రాసింది కాదు. కోర్టు దగ్గరైతే ఊపిరి అందని క్షణం గురించి ఆ ఆటగాళ్లనే అడిగి రాయాలి.

మరి సామెతలు? 1868లో కెప్టెన్ కార్ అచ్చువేయించిన తెలుగు సామెతల పుస్తకం తిరగేస్తే, వాటిలో బురద, కాళ్లు, కుండ, గొడ్డలి, అత్త, అల్లుడు ఎదురవుతారు. ‘అడుసు తొక్కనేల, కాలు కడగనేల’ అన్న మాటను మూసి పూరించమంటే అందరూ పూరిస్తారు. నేను చెప్పిన పరీక్షకు ఇది నిలవదు. అయినా తడి కాలు ఇప్పటికీ కనిపిస్తుంది. పైగా సామెతను ఎవరూ ఊరికే గోడకెక్కించరు, ఒక సందర్భం చూసి ఒక మనిషికి చెబుతారు. పెద్దలు తలమీద చెయ్యి పెట్టి ‘నూరేళ్లు చల్లగా ఉండు’ అన్నప్పుడూ అంతే. అక్కడ కొత్త మాట వెతకడం అనవసరం, ఆ మాట తాతముత్తాతలు అన్నదే కావడం వినేవాళ్లకు కావాలి.

పోతే, ఎంత బాగా రాసిన వాక్యమైనా రోజూ అదే చోట కనిపిస్తుంటే కొన్ని వారాలకే కన్ను దాన్ని దాటేస్తుంది. అందుకే పెయింటుతో రాయించడం కంటే రీడింగ్ రూమ్‌లో ఒక నల్లబల్ల పెట్టి, చాక్‌పీసు దాని కిందే ఉంచడం మేలు. ఈ వారం ఏది తెరవడానికి మనసు రాలేదో అక్కడ చదువుకునేవాళ్లే ఒక్కొక్కరు వచ్చి ఒక వాక్యంలో రాయవచ్చు. వచ్చే సోమవారం దాన్ని తుడిచేసి ఇంకొకరు రాస్తారు.