నిష్పత్తి వచ్చింది, కానీ దేనికి?

రెండు వేర్వేరు రేట్లున్న సరుకులను కలిపినప్పుడు మిశ్రమం రేటు ఎంతో తెలిస్తే, ఒక్కోటి ఎంతెంత కలిపారో చెప్పే పద్ధతే ఎలిగేషన్. బ్యాంకు, రైల్వే, స్టాఫ్ సెలక్షన్ పరీక్షలకు చదివేవారికి ఇది అడ్డగీతల బొమ్మగా పరిచయం. పైన రెండు మూలల్లో రెండు రేట్లు, మధ్యలో సగటు, కింద ఎదురు మూలల్లో తేడాలు. ఆ బొమ్మ కళ్ల ముందు ఉన్నంతసేపు లెక్క చకచకా సాగుతుంది. బొమ్మ చెదిరిపోతే ఏ తేడా ఎవరి కింద రాయాలో గుర్తుకు రాదు. అంతకన్నా పెద్ద చిక్కు మరొకటుంది. వచ్చిన నిష్పత్తి కిలోలకా, కిలోమీటర్లకా, నిమిషాలకా అన్నది ఆ బొమ్మ ఎక్కడా చెప్పదు.

బొమ్మ లేకుండా లెక్కను ఇలా చూడవచ్చు. కిలో 40 రూపాయల బియ్యం, 60 రూపాయల బియ్యం కలిపితే 52 రూపాయల రకం తయారైందనుకుందాం. తక్కువ రకం ప్రతి కిలో సగటుకు 12 రూపాయలు లోటు తెస్తుంది. ఎక్కువ రకం ప్రతి కిలో 8 రూపాయలు మిగులు తెస్తుంది. మొత్తం లోటు, మొత్తం మిగులు సరిపోవాలి. 2 కిలోల తక్కువ రకం తెచ్చే లోటు 24, 3 కిలోల ఎక్కువ రకం తెచ్చే మిగులు కూడా 24. కాబట్టి నిష్పత్తి 2:3. తేడాలు ఎదురు మూలలకు ఎందుకు వెళ్తాయో ఇక్కడే తెలిసిపోతుంది. కిలోకు లోటు ఎక్కువగా తెచ్చేదాన్ని తక్కువ కిలోలే కలపగలం.

ఈ ఆలోచన మన దేశంలో చాలా పాతది. 9వ శతాబ్దంలో మహావీరాచార్యుడు రాసిన గణితసార సంగ్రహంలో మిశ్రమాలకు ప్రత్యేకంగా ఒక అధ్యాయం ఉంది. ఆ గ్రంథాన్ని పావులూరి మల్లన తెలుగులోకి తెచ్చాడు. 12వ శతాబ్దపు లీలావతిలో భాస్కరాచార్యుడు బంగారం లెక్కలకు సూత్రం ఇచ్చాడు. ఒక్కో ముక్క బరువును దాని మేలిమితో గుణించి, అన్నీ కూడి, మొత్తం బరువుతో భాగించాలి. 22 క్యారెట్ల బంగారం 10 గ్రాములు, 18 క్యారెట్లది 30 గ్రాములు కరిగిస్తే, 220కి 540 కలిపి 40తో భాగించగా 19 క్యారెట్లు వస్తుంది. అన్నీ బరువుల మీదే ఆధారపడ్డాయి కనుక కంసాలికి సందేహం రాదు.

సందేహం వచ్చేది పడవ ఎక్కినప్పుడు. నిశ్చల నీటిలో గంటకు 7 కిలోమీటర్లు పోయే పడవ, గంటకు 3 కిలోమీటర్ల వేగంతో పారే నదిలో ఉందనుకుందాం. దిగువకు దాని వేగం 10, ఎగువకు 4. అది కొంత ఎగువకు వెళ్లి, వెనక్కి తిరిగి, బయలుదేరిన చోటు దాటి ఇంకా దిగువకు పోయింది. మొత్తం 48 కిలోమీటర్లు, 6 గంటలు. ఎగువకు పోయిన దూరం ఎంత?

సగటు వేగం 8. పదికీ ఎనిమిదికీ తేడా 2, ఎనిమిదికీ నాలుగుకీ తేడా 4. ఎగువ, దిగువల నిష్పత్తి 1:2. ఇక్కడ చాలామంది 48 కిలోమీటర్లను 1:2గా పంచి, ఎగువకు 16, దిగువకు 32 అని రాసేస్తారు. సరిచూస్తే తప్పు బయటపడుతుంది. 16 కిలోమీటర్లు ఎగువకు పోవడానికి 4 గంటలు, 32 కిలోమీటర్లు దిగువకు రావడానికి 3.2 గంటలు, మొత్తం 7.2 గంటలు. లెక్కలో ఇచ్చింది 6 గంటలే.

కారణం రేటులోనే ఉంది. బియ్యం రేటు కిలోకు ఇన్ని రూపాయలు, అందుకే వచ్చిన నిష్పత్తి కిలోలది. పడవ వేగం గంటకు ఇన్ని కిలోమీటర్లు, అందుకే వచ్చేది గంటల నిష్పత్తి. దేనికి ఇంత అని చెబుతున్నామో, దాన్నే పంచాలి. 6 గంటలను 1:2గా పంచితే ఎగువకు 2 గంటలు, దిగువకు 4 గంటలు. ఎగువకు 8 కిలోమీటర్లు, దిగువకు 40. కూడితే 48.

రానుపోను ప్రయాణంలో సగటు వేగం ఎప్పుడూ నిశ్చల నీటి వేగం కన్నా తక్కువే ఎందుకుంటుందో కూడా దీనితోనే తేలుతుంది. అదే పడవ 20 కిలోమీటర్లు ఎగువకు 5 గంటల్లో వెళ్లి, 2 గంటల్లో తిరిగి వస్తుంది. 40 కిలోమీటర్లకు 7 గంటలు, అంటే గంటకు 5.7 కిలోమీటర్ల చొప్పున. దూరాలు సమానమే అయినా నెమ్మది వేగంతో ఎక్కువసేపు గడిచింది, కనుక సగటు అటే మొగ్గింది. దూరాలకు బదులు గంటలు సమానమైతే మాత్రం సగటు సరిగ్గా 7.

టైపింగ్ లెక్కల్లో ఇదే పొరపాటు మరింత చాటుగా జరుగుతుంది. ఒకరు నిమిషానికి 30 మాటల చొప్పున కొంత టైపు చేసి లేచారు, మిగతాది మరొకరు 20 మాటల చొప్పున ముగించారు. 1,200 మాటలకు 50 నిమిషాలు పట్టింది. సగటు 24, నిష్పత్తి 4:6, అంటే 2:3. మాటలను పంచితే 480, 720 వస్తాయి. వాటికి పట్టే కాలం 16, 36, మొత్తం 52 నిమిషాలు. 50కి ఇంత దగ్గరగా ఉండడంతో తప్పు కంటికి ఆనదు. పంచాల్సింది నిమిషాలను. 20 నిమిషాలు, 30 నిమిషాలు, అంటే ఇద్దరూ చెరో 600 మాటలు. ఇద్దరూ రెండు యంత్రాల మీద ఒకేసారి కూర్చుంటే అది వేరే లెక్క. అప్పుడు సగటు అక్కర్లేదు, వేగాలను కూడితే నిమిషానికి 50 మాటలు, పని 24 నిమిషాల్లో అయిపోతుంది.

టైపింగులో మాట అంటే ఎంతో కూడా ముందే తేల్చుకోవాలి. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ హయ్యర్ సెకండరీ స్థాయి పరీక్షలో ఇంగ్లీషు టైపింగుకు నిమిషానికి 35 మాటలు కావాలి. మాటకు సగటున 5 మీట నొక్కుళ్ల లెక్కన అది గంటకు 10,500 నొక్కుళ్లు. ఒక వేగం మాటల్లో, మరొకటి నొక్కుళ్లలో ఇస్తే, రెండింటినీ ఒకే కొలతలోకి తెచ్చాకే తేడాలు తీయాలి.

పాలలో నీళ్ల లెక్కలో ఉచ్చు ఇంకోచోట ఉంటుంది. లీటరు 60 రూపాయలకు కొన్న పాలలో నీళ్లు కలిపి, అదే 60కి అమ్మి 20 శాతం లాభం పొందాలి. కొందరు 60కి 20 శాతం కలిపి సగటు 72 అనుకుంటారు. నీళ్ల ధర సున్నా, పాల ధర 60. రెండూ కలిస్తే 72 కావడం ఎలా సాధ్యం? సగటు ఎప్పుడూ రెండు రేట్ల మధ్యే ఉండాలి. ఆ హద్దు దాటిందంటే ఎక్కడో అమ్మకం ధర వచ్చి కొన్న ధర స్థానంలో కూర్చుందన్నమాట. మిశ్రమం అసలు ఖరీదు 60ని 1.2తో భాగిస్తే వచ్చే 50. పాలు, నీళ్ల నిష్పత్తి 50:10, అంటే 5:1.

ఈ పద్ధతి మొత్తాలు చక్కగా కూడినప్పుడే పనిచేస్తుంది. పరీక్షల్లో ద్రావణాలను లీటర్లలో కలిపి లెక్క వేయిస్తారు గానీ, నిజంగా 50 మిల్లీలీటర్ల నీటిలో 50 మిల్లీలీటర్ల ఆల్కహాల్ పోస్తే మొత్తం 100 కాదు, సుమారు 96 మాత్రమే. అణువులు ఒకదాని సందుల్లో ఒకటి సర్దుకోవడం వల్ల పరిమాణం తగ్గుతుంది. బరువు మాత్రం ఎప్పుడూ కూడిక తప్పదు. అందుకే ప్రయోగశాలలో గాఢత కచ్చితంగా రావాలనుకున్నప్పుడు ద్రవాలను కొలపాత్రతో కాక తూచి కలుపుతారు.