రీవాల్యుయేషన్ ఫైలు ఎక్కడ ఆగింది?

బీటెక్ చివరి సెమిస్టర్‌లో ఒక్క పేపర్ పోయిన విద్యార్థి ఉన్నాడనుకుందాం. రీవాల్యుయేషన్‌కు ఫీజు కట్టాడు, ప్రొవిజినల్ సర్టిఫికెట్‌కూ దరఖాస్తు పెట్టాడు. నెలలు గడిచాయి. సర్టిఫికెట్ల సెక్షన్‌లో అడిగితే ‘మీ రిజల్ట్ అప్‌డేట్ కాలేదు’ అంటారు. పరీక్షల విభాగంలో అడిగితే ‘వాల్యుయేషన్ అయిపోయింది’ అంటారు. రెండూ నిజమే కావచ్చు.

జవాబు పత్రం మీద హాల్ టికెట్ నంబర్ ఉండే భాగాన్ని తీసేసి, కోడ్ నంబర్ వేసి మరో అధ్యాపకుడికి ఇస్తారు. ఆయన మార్కులు వేశాక ఆ కోడ్‌ను మళ్లీ హాల్ టికెట్‌తో కలపాలి. తర్వాత రికార్డులో మార్కులు దిద్ది కొత్త మెమో ఇవ్వాలి. పేపర్ దిద్దడం పూర్తయినా, ఈ చివరి పనుల్లో ఎక్కడ ఆగినా సర్టిఫికెట్ కదలదు. ఫీజు మన ఖాతాలోంచి పోయినా యూనివర్సిటీ లెక్కలో చేరకపోవడం మరో చిక్కు. అప్పుడు దరఖాస్తు మొదలే కాదు.

అందుకే రిజిస్ట్రార్‌కు రాసే ఉత్తరంలో ‘దయచేసి త్వరగా ఇప్పించండి’ అని రాస్తే సరిపోదు. కాగితం ఏ మెట్టు దగ్గర ఉందో అడగాలి. ఇలా రాయవచ్చు:

‘అయ్యా, నా హాల్ టికెట్ నంబర్ ఇది. ఫలానా పేపర్ రీవాల్యుయేషన్‌కు జూన్ 12న ఫీజు చెల్లించాను, లావాదేవీ నంబర్ ఇది. ప్రొవిజినల్ సర్టిఫికెట్‌కు జులై 3న దరఖాస్తు చేశాను. నా ఫీజు మీ ఖాతాలో నమోదైందా? పేపర్ దిద్దడం పూర్తయిందా? పూర్తయితే మార్కులు రికార్డులో చేరాయా? ఎంటెక్ అడ్మిషన్‌కు ఆగస్టు 20లోగా సర్టిఫికెట్ చూపాలి. రసీదుల నకళ్లు, అడ్మిషన్ లేఖ జతచేశాను.’

పరీక్షలు చూసేది కంట్రోలర్ ఆఫ్ ఎగ్జామినేషన్స్ కాబట్టి ఒక ప్రతి ఆయనకూ పంపాలి. నేరుగా ఇస్తే మన కాపీ మీద ఇన్‌వర్డ్ నంబర్, తేదీ, ముద్ర వేయించుకోవాలి. అది లేకుండా తిరిగి రావద్దని నేను గట్టిగా చెబుతాను. ఎందుకంటే, తర్వాతిసారి వెళ్లినప్పుడు గుమాస్తా రిజిస్టర్‌లో వెతికేది ఆ నంబర్‌తోనే.

జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. ప్రభుత్వ యూనివర్సిటీలోని ప్రజా సమాచార అధికారికి పది రూపాయల ఫీజుతో అవే ప్రశ్నలు పంపవచ్చు. ఆయన 30 రోజుల్లో జవాబివ్వాలి. దిద్దిన జవాబు పత్రం నకలు కూడా విద్యార్థి అడగవచ్చని 2011లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. అయితే ఈ చట్టం కింద సమాచారమే వస్తుంది, మళ్లీ దిద్దమని అడగలేం.

ఈలోగా సప్లిమెంటరీ ఫీజు గడువు వస్తే కట్టేయడమే మేలు. రీవాల్యుయేషన్ ఫలితం కోసం ఆ గడువు ఆగుతుందన్న హామీ లేదు.