బాక్సు పారేశారా? వారంటీలో ‘లేదా’ ఎక్కడుందో చూడండి!

‘బిల్లు లేదా బాక్సు లేకపోతే రిటర్న్ స్వీకరించబడదు.’

మిక్సీ కొన్నారు. బాక్సు పారేశారు, బిల్లు మాత్రం ఉంది. వెనక్కి తీసుకుంటారా? ‘ఏదో ఒకటి ఉంటే చాలుగా’ అని కొందరు, ‘కాదు, రెండూ ఉండాల్సిందే’ అని కొందరు అంటారు. చదివినవాళ్ల తప్పేం లేదు, వాక్యమే రెండు దారులు చూపిస్తోంది.

మా షాపింగ్ యాప్‌లో వారంటీ, రిటర్న్ పేజీల్ని తెలుగులో పెట్టే పని నాది. ‘లేదా’ పక్కన ‘లేకపోతే’ కనిపిస్తే అక్కడే ఆగిపోతా. పై వాక్యాన్ని ఇలా విడగొట్టా: ‘బిల్లు, బాక్సు రెండూ ఉండాలి. ఏ ఒక్కటి లేకపోయినా రిటర్న్ తీసుకోం.’ ఇక వాదనే ఉండదు.

ఇంకో చిక్కు ‘మినహాయింపు’ అనే మాట. ఇంగ్లిష్ పాలసీలో ఎక్స్‌క్లూజన్ అంటే వారంటీ వర్తించనిది. ఎక్సెప్షన్ అంటే మామూలు రూల్ పనిచేయని సందర్భం. తెలుగులో రెండింటికీ మినహాయింపు అనే రాసేస్తుంటారు. పైగా పన్ను మినహాయింపు అంటే మనకు లాభం కదా! అందుకే ‘మినహాయింపులు: జార్లు, బ్లేడ్లు’ అని చూసి, వాటికి ఫ్రీ సర్వీస్ ఉందనుకునే ప్రమాదం ఉంది.

అందుకే ఆ మాట తీసేసి, మిక్సీ పేజీలో ఇలా రాశా:

‘జార్లు, బ్లేడ్లకు వారంటీ లేదు. కానీ ఈ రెండూ నిజమైతే ఉచితంగా మార్చి ఇస్తాం:
1. లోపం తయారీలోనే వచ్చి ఉండాలి.
2. డెలివరీ రోజుతో కలిపి 30 రోజుల లోపు మాకు చెప్పాలి.’

‘డెలివరీ రోజుతో కలిపి’ అని ఊరికే పెట్టలేదు. ఉత్త ‘30 రోజుల్లో’ అంటే ఆర్డర్ పెట్టిన రోజు నుంచా, చేతికొచ్చిన రోజు నుంచా? పైగా 30 రోజుల్లో కొత్త జార్ వస్తుందని కూడా అర్థం చేసుకోవచ్చు. ఎలా లెక్కపెట్టాలో మా లీగల్ టీమ్‌ని అడిగాకే రాశా. ఇప్పుడు జూన్ 1న డెలివరీ అయితే జూన్ 30 ఆఖరి రోజు.

రాశాక టెస్టింగ్ ఉంటుంది. ఇంగ్లిష్ పేజీ చూడని ఇద్దరికి తెలుగుది ఇచ్చి, విడివిడిగా మూడు ప్రశ్నలు అడుగుతా. జార్ 5వ రోజు కిందపడి పగిలింది, ఇస్తారా? తయారీ లోపం 30వ రోజు చెప్పారు, ఇస్తారా? 31వ రోజైతే? జవాబులు వరుసగా ఇవ్వరు, ఇస్తారు, ఇవ్వరు అని రావాలి. ఇద్దరిలో ఒక్కరు తేడాగా చెప్పినా వాక్యం మళ్లీ రాయాల్సిందే.

ఇంత పట్టింపు ఎందుకంటారా? ‘రెండు భాషల మధ్య తేడా వస్తే ఇంగ్లిష్ ప్రతే చెల్లుతుంది’ అనే లైన్ చాలా పాలసీల చివర ఉంటుంది. అంటే తెలుగులో మాట జారితే, నష్టపోయేది దాన్ని నమ్మి కొన్నవాళ్లే. ఈసారి కొనేముందు ఆ లైన్ ఉందేమో కిందిదాకా స్క్రోల్ చేసి చూడండి. ఉంటే, అనుమానం ఉన్న షరతును కస్టమర్ కేర్‌కి చాట్‌లో పంపి, జవాబు స్క్రీన్‌షాట్ దాచుకోండి.