భూరికార్డు సవరణ దరఖాస్తు: ‘పెండింగ్’ అంటే ఎక్కడ ఆగినట్లు?

దస్తావేజులో 2 ఎకరాల 40 సెంట్లు. 1-బి రికార్డులో 2 ఎకరాల 4 సెంట్లు. రెండంకెలు తారుమారు కావడంతో 36 సెంట్ల భూమి కాగితం మీద కనిపించకుండా పోయింది. సాగులో మాత్రం భూమి యథాతథంగా ఉంది. బ్యాంకు రుణానికి వెళ్లినా, భూమిని పిల్లలకు పంచాలన్నా చెల్లుబాటయ్యేది రికార్డులోని అంకె. ఆంధ్రప్రదేశ్‌లో అమల్లో ఉన్న 1971 నాటి భూమి హక్కులు, పట్టాదారు పాస్ పుస్తకాల చట్టం ప్రకారం హక్కుల రికార్డులోని నమోదును, అది తప్పని రుజువయ్యే వరకు లేదా సవరించే వరకు నిజమైనదిగానే పరిగణిస్తారు.

ఇటువంటి తప్పును సరిదిద్దాలని గ్రామ సచివాలయంలోనో మీసేవా కేంద్రంలోనో దరఖాస్తు చేసిన వారికి రసీదు, దానిపై ఒక సంఖ్య లభిస్తాయి. ఆ సంఖ్యతో స్థితిని చూసుకోవచ్చు. అయితే వారాల తరబడి తెరపై ‘పెండింగ్’ అనే ఒక్క మాటే కనిపిస్తుంది. క్షేత్ర విచారణ జరగకపోయినా, నోటీసు గడువు నడుస్తున్నా, ఉత్తర్వుపై సంతకం కావలసి ఉన్నా ఆ మాట మారదు. అందువల్ల దరఖాస్తు ఎంతవరకు వచ్చిందో తెలుసుకోవడానికి తెరపై మాట కంటే దస్త్రంలో చేరిన కాగితాలే నమ్మదగిన ఆనవాళ్లు. ప్రతి దశా ఒక కాగితాన్ని మిగిల్చి వెళ్తుంది. ఆ కాగితం ఉంటే దశ పూర్తయినట్లు, లేకుంటే కానట్లు.

ముందుగా చూడవలసింది: తగ్గిన భూమి ఎక్కడ ఉంది?

దరఖాస్తు నడిచే దారిని నిర్ణయించే ప్రశ్న ఇదే. దీనికి సమాధానం దరఖాస్తుదారు స్వయంగా తెలుసుకోవచ్చు. ప్రతి సర్వే నంబరుకు మొత్తం విస్తీర్ణం ఎంతో గ్రామ మూల రికార్డు అయిన ఆర్‌ఎస్‌ఆర్‌లో ఉంటుంది. ఆ నంబరులోని ఉపవిభాగాలన్నింటి విస్తీర్ణాలను కూడితే ఆ మొత్తమే రావాలి.

పై ఉదాహరణలోని భూమి సర్వే నంబరు 112-2 అనుకుందాం. ఆర్‌ఎస్‌ఆర్ ప్రకారం 112 మొత్తం 6 ఎకరాల 20 సెంట్లు. పక్కనున్న 112-1 విస్తీర్ణం 3 ఎకరాల 80 సెంట్లు. ఇప్పుడు మీభూమి వెబ్‌సైటు meebhoomi.ap.gov.in లోని అడంగల్, 1-బి వివరాలను కూడితే 3.80, 2.04 కలిసి 5.84 వచ్చిందనుకుంటే, 36 సెంట్లు ఎవరి ఖాతాలోనూ లేవు. అంకెను సరిచేయడం వల్ల మరొకరికి నష్టం లేదు. ఇది నమోదులో దొర్లిన పొరపాటుగా తేలిపోయే అవకాశం ఎక్కువ.

అదే 112-1లో 4.16గా నమోదై ఉంటే మొత్తం 6.20 సరిగ్గా సరిపోతుంది. కంప్యూటర్ లెక్కలో తేడా కనిపించదు. కానీ దరఖాస్తుదారు కోల్పోయిన 36 సెంట్లు పొరుగు రైతు ఖాతాలో ఉన్నాయి. అప్పుడు ఒకరి అంకె పెంచాలంటే మరొకరి అంకె తగ్గించాలి. పొరుగు రైతు వాదన వినకుండా అధికారి ఆ పని చేయలేరు. తొలి సందర్భానికి సరిపోయే వ్యవధి రెండో సందర్భానికి చాలదు. ఈ లెక్క తెలియని దరఖాస్తుదారు ఆలస్యానికి కారణాన్ని కార్యాలయంలో వెతుకుతుంటారు. అసలు కారణం పక్క ఖాతాలో ఉంటుంది.

రీసర్వే పూర్తయిన గ్రామాల్లో పాత సర్వే నంబర్ల స్థానంలో ల్యాండ్ పార్సిల్ మ్యాప్ నంబర్లు వచ్చాయి. అక్కడ దరఖాస్తులో పాత నంబరు, కొత్త నంబరు రెండూ రాయాలి. దస్తావేజులో ఒక నంబరు, రికార్డులో మరో నంబరు ఉన్నప్పుడు వాటికి ఉన్న సంబంధం చూపకపోతే తొలి పరిశీలనలోనే దరఖాస్తు ఆగిపోవచ్చు.

క్షేత్ర విచారణ

దరఖాస్తు తహసీల్దార్ కార్యాలయానికి చేరిన తర్వాత విచారణ నిమిత్తం గ్రామ రెవెన్యూ అధికారికి, రెవెన్యూ ఇన్‌స్పెక్టర్‌కు వెళ్తుంది. వారు దస్తావేజును, పాత అడంగళ్లను, సాగులో ఎవరున్నారన్న విషయాన్ని పరిశీలించి నివేదిక ఇస్తారు. విస్తీర్ణంపై సందేహం ఉంటే సర్వేయర్ కొలతలు అవసరమవుతాయి.

ఈ దశ మిగిల్చే కాగితాలు రెండు: విచారణ నివేదిక, కొలతలు జరిగితే సర్వేయర్ పటం. కార్యాలయంలో ‘నా పని ఎంతవరకు వచ్చింది’ అని అడిగితే ‘ప్రాసెస్‌లో ఉంది’ అనే జవాబే రావచ్చు. ‘గ్రామ రెవెన్యూ అధికారి నివేదిక ఏ తేదీన పంపారు, సర్వేకు రాశారా’ అని అడిగితే దానికి తేదీతోనే జవాబు చెప్పవలసి ఉంటుంది. నివేదిక వెళ్లలేదంటే దరఖాస్తు గ్రామస్థాయిలోనే ఉన్నట్లు. నివేదిక వచ్చి సర్వే జరగలేదంటే సర్వేయర్ వద్ద ఉన్నట్లు. ఎవరి వద్ద ఆగిందో తెలిస్తే తహసీల్దార్‌కు ఇచ్చే వినతిలో ఆ విషయాన్నే రాయవచ్చు.

నోటీసు: తొందరపడకూడని దశ

హక్కుల రికార్డులో సవరణ చేసే ముందు, ఆ సవరణ వల్ల ప్రభావితమయ్యే వారందరికీ తహసీల్దార్ లిఖితపూర్వకంగా నోటీసు ఇవ్వాలని చట్టంలోని సెక్షన్ 5(3) చెబుతోంది. రికార్డులో పేరున్న వారికి ఈ నోటీసు వ్యక్తిగతంగా అందాలి. గ్రామంలో ప్రకటన అంటించినంత మాత్రాన వ్యక్తిగత నోటీసు ఇచ్చినట్లు కాదని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు పూర్తి ధర్మాసనం 2007లో స్పష్టం చేసింది.

దరఖాస్తుదారు దృష్టిలో ఇది కాలహరణంగా కనిపిస్తుంది. వాస్తవంలో ఆయన పొందబోయే ఉత్తర్వుకు రక్షణ ఇదే. పై ఉదాహరణలో 112-1 రైతుకు నోటీసు అందకుండానే 36 సెంట్లు మార్చారనుకుంటే, ఆ రైతు అప్పీలుకు వెళ్లినప్పుడు మరే వాదనా అవసరం లేకుండా ఆ ఒక్క లోపం మీదనే ఉత్తర్వు రద్దయ్యే ప్రమాదం ఉంది. ఏళ్ల తర్వాత విషయం మళ్లీ మొదటికి వస్తుంది.

కాబట్టి ఈ దశలో అడగవలసింది ‘నోటీసు ఇచ్చారా’ అన్న ఒక్క ప్రశ్నే కాదు. ఎవరెవరికి ఇచ్చారు, అందుకున్నట్లు సంతకం ఉందా అన్నది ముఖ్యం. ఖాతాదారు మరణించి ఉంటే వారసులకు నోటీసు వెళ్లాలి. ఆయన వేరే ఊళ్లో ఉంటే ఆ చిరునామాకు పంపాలి. ఈ వివరాలు దరఖాస్తుదారుకు తెలిసి ఉంటే ముందే రాసి ఇవ్వడం మేలు. తప్పు చిరునామాకు వెళ్లి తిరిగివచ్చిన నోటీసు కారణంగా నిలిచిపోయిన దస్త్రానికీ తెరపై కనిపించేది ‘పెండింగ్’ అన్న మాటే.

అభ్యంతరం వస్తే తహసీల్దార్ ఇరుపక్షాలను విచారిస్తారు. ఆ అభ్యంతరం ప్రతిని అడిగి తీసుకుని లిఖితపూర్వకంగా బదులివ్వాలి. వివాదం అంకెను దాటి అసలు యాజమాన్యం ఎవరిదన్న ప్రశ్నగా మారితే దానిని తేల్చవలసింది సివిల్ కోర్టు. హక్కు నిర్ధారణ కోసం దావా వేసే వీలును ఈ చట్టమే సెక్షన్ 8(2)లో కల్పించింది.

ఉత్తర్వు, ఆ తర్వాత

ఆమోదించినా, తిరస్కరించినా కారణాలతో కూడిన ఉత్తర్వు ఉండాలి. సవరణను నిరాకరించే ముందు దరఖాస్తుదారుకు తన వాదన చెప్పుకునే అవకాశం ఇవ్వాలని కూడా చట్టం నిర్దేశిస్తోంది. తెరపై ‘తిరస్కరణ’ అని కనిపించి ఊరుకుంటే సరిపోదు. ఉత్తర్వు ప్రతిని రాతపూర్వకంగా కోరాలి. ఎందుకంటే ఆర్డీవో వద్ద అప్పీలుకు గడువు, ఉత్తర్వు అందిన తేదీ నుంచి 60 రోజులు. ఆ ప్రతి ఏ రోజున అందిందో చూపే కవరును, రసీదును కూడా భద్రపరచుకోవాలి. ఆపై రివిజన్ అధికారం సెక్షన్ 9 కింద కలెక్టర్‌కు ఉంది.

అనుకూలంగా ఉత్తర్వు వచ్చినంత మాత్రాన పని ముగియదు. తహసీల్దార్ ఉత్తర్వు ఒక పని. దానిని వెబ్‌ల్యాండ్ డేటాబేస్‌లో నమోదు చేయడం మరో పని. మొదటిది జరిగి రెండోది జరగకపోతే బ్యాంకు సిబ్బందికి కనిపించేది పాత అంకే. ఉత్తర్వు చేతికి వచ్చాక 1-బి, అడంగల్ రెండింటినీ మళ్లీ చూడాలి. తన ఖాతాలో 2.40 ఉందా, సర్వే నంబరు మొత్తం ఇప్పుడు 6.20 అవుతోందా అని లెక్క వేయాలి. తన అంకె పెరిగినా పొరుగు ఖాతాలో 4.16 అలాగే ఉంటే మొత్తం 6.56 అవుతుంది. ఆర్‌ఎస్‌ఆర్‌తో సరిపోలని ఆ లెక్క మరో రోజు మరో సవరణకు దారితీస్తుంది.

ఫిర్యాదు వేరు, దరఖాస్తు వేరు

ఆలస్యమైనప్పుడు చాలామంది ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇస్తారు. దానికి మరో సంఖ్య వస్తుంది. కొంతకాలానికి ఆ అర్జీ ‘పరిష్కారమైంది’ అని సందేశం రావచ్చు. సవరణ దరఖాస్తు విచారణలో ఉందని అధికారి సమాధానం రాసినా అర్జీని ముగించే వీలుంది. సవరణ జరిగిందని దాని అర్థం కాదు. రెండు సంఖ్యలను విడివిడిగా రాసుకుని, అర్జీలో అసలు దరఖాస్తు సంఖ్యను తప్పక పేర్కొనాలి.

దస్త్రంలో ఏముందో చెప్పడానికి కార్యాలయం ఇష్టపడకపోతే సమాచార హక్కు చట్టం అక్కరకొస్తుంది. ‘నా పని ఎందుకు కాలేదు’ అన్న ప్రశ్నకు ఆ చట్టం కింద జవాబు రాకపోవచ్చు. ‘ఫలానా సంఖ్య దరఖాస్తుపై వచ్చిన విచారణ నివేదిక, జారీచేసిన నోటీసులు, వాటి అందుబాటు రసీదుల ప్రతులు ఇవ్వండి’ అని కోరితే 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి. దస్త్రాన్ని స్వయంగా పరిశీలించేందుకూ అనుమతి కోరవచ్చు. ప్రతులు రాకపోయినా, ‘అటువంటి నివేదిక లేదు’ అన్న జవాబే దరఖాస్తు ఏ దశలో నిలిచిందో తేల్చిచెబుతుంది.

తెలంగాణలో చట్టం వేరు. 2020 నాటి చట్టం, ధరణి పోర్టల్ స్థానంలో 2025 ఏప్రిల్ 14 నుంచి భూభారతి అమల్లోకి వచ్చింది. ధరణిలో చాలావరకు కలెక్టర్ల వద్దే ఉన్న సవరణ అధికారాన్ని కొత్త చట్టం కింది స్థాయి అధికారులకూ పంచింది. అక్కడి దరఖాస్తుదారు ముందుగా తెలుసుకోవలసింది తన దరఖాస్తు తహసీల్దార్, ఆర్డీవో, కలెక్టర్‌లలో ఎవరి నిర్ణయానికి వెళ్లిందన్న విషయం. అప్పీలు ఎవరికి చేయాలన్నది దానిపైనే ఆధారపడి ఉంటుంది. విస్తీర్ణాల కూడిక మాత్రం అక్కడా అదే. సెంట్ల బదులు గుంటల్లో, ఎకరానికి 40 చొప్పున లెక్క వేయాలి.