తెలుగు, ఇంగ్లిష్ కలిసిన సైట్ నోట్‌ను కుదించడం ఎలా?

ఇంగ్లిష్ మాటలన్నీ ఉన్నవి ఉన్నట్టే ఉంచాం. అంకెలు కూడా సరిచూసుకున్నాం. అయినా సారాంశం చదివినవాళ్లు తప్పు పని చేశారు. ఎందుకు?

సాంకేతిక పదాలు పోతాయేమో అన్న భయంతో మన చూపంతా వాటి మీదే ఉంటుంది. కానీ మన ఇంజనీర్లు, సూపర్‌వైజర్లు రాసే కలగలుపు వాక్యంలో వస్తువు పేరు ఇంగ్లిష్‌లో ఉంటుంది, దాని గతి ఏమిటన్నది తెలుగులో ఉంటుంది. 'అప్రూవ్ చేశారు', 'అప్రూవ్ చేయాలి', 'అప్రూవ్ చేస్తామన్నారు', 'అప్రూవ్ చేశారట', 'అప్రూవ్ చేయనక్కర్లేదు'. వీటిలో ఇంగ్లిష్ ముక్క ఒక్కటే. జరిగిందా, జరగాలా, మాటిచ్చారా, ఎవరో చెబితే విన్నామా, అసలు అవసరమే లేదా అన్నది క్రియ చివర ఉంది. కుదించే తొందరలో మొదట తెగిపోయేది కూడా ఆ చివరే.

ఒక నోట్ తీసుకుని చూద్దాం. ఇది ఉదాహరణకు రాసినదే, కానీ భవన నిర్మాణ సైట్లలో రోజూ కనబడే ధోరణే. తేదీ జూన్ 12.

> నిన్న సెకండ్ ఫ్లోర్ స్లాబ్ కాస్టింగ్ కంప్లీట్ అయ్యింది. ఓనర్ గారు కూడా వచ్చి చూసి వెళ్లారు. ఎం25, స్లంప్ 100 అనుకున్నాం కానీ లాస్ట్ రెండు ట్రక్కులకి 140 వచ్చింది. ఆ రెండూ ట్రాఫిక్‌లో ఇరుక్కుని లేట్‌గా వచ్చాయి, లేబర్‌కి భోజనానికి కూడా టైం దొరకలేదు. సైట్‌లో వాటర్ యాడ్ చేయలేదని ఆపరేటర్ అంటున్నాడు. ఆ కాంక్రీట్ గ్రిడ్ సి, డి మధ్య పడింది. క్యూబ్స్ తీశాం, సెవెన్ డే రిజల్ట్ చూసి గానీ ఆ ఏరియాలో డీషట్టరింగ్‌కి వెళ్లొద్దని కన్సల్టెంట్ గారు చెప్పారు. మిగతా ఏరియాలో రీప్రాపింగ్ చేస్తే షట్టర్ ప్లేట్లు ముందే తీసుకోవచ్చు, ప్రాప్స్ మాత్రం 14 రోజుల దాకా కదపకూడదు. పీపీసీ కాబట్టి క్యూరింగ్ 10 రోజులు చేయాలి. స్టెయిర్ దగ్గర కవర్ బ్లాక్స్ తక్కువ పడ్డాయట, చెక్ చేయించాలి.

దీన్ని ఇలా కుదించారనుకోండి:

> రెండో అంతస్తు స్లాబ్ కాస్టింగ్ పూర్తయింది. స్లంప్ 100 నుంచి 140 వరకు ఉంది, నీళ్లు కలపలేదు. ఏడు రోజుల తర్వాత డీషట్టరింగ్. ప్రాప్స్ 14 రోజులకు తీయాలి. క్యూరింగ్ 10 రోజులు. మెట్ల దగ్గర కవర్ బ్లాక్స్ తక్కువగా ఉన్నాయి.

వాడిన సాంకేతిక పదాలన్నీ నోట్‌లోవే. అంకెల్లో ఒక్కటీ మారలేదు. అయినా సగానికి పైగా వాక్యాలు తప్పే.

'చూసి గానీ వెళ్లొద్దు' అన్నది షరతు. ఏడో రోజు ఫలితం బాగాలేకపోతే ఎనిమిదో రోజు కూడా ప్లేట్లు తీయకూడదు. సారాంశంలో ఆ షరతు కాస్తా తేదీ అయిపోయింది. పైగా ఆ మాట సి, డి గ్రిడ్ల మధ్య భాగానికే చెప్పింది, ఇక్కడ మొత్తం స్లాబుకు అంటుకుంది. '14 రోజుల దాకా కదపకూడదు' అన్నది నిషేధం. '14 రోజులకు తీయాలి' అన్నది ఆజ్ఞ. నిషేధం ముగిసిన రోజున తీసి తీరాలని ఎవరూ అనలేదు.

'యాడ్ చేయలేదని అంటున్నాడు' సంగతి ఇంకా ముఖ్యం. నీళ్లు కలపలేదన్నది ఆపరేటర్ మాట, నోట్ రాసిన ఇంజనీర్ తేల్చిన విషయం కాదు. సారాంశం 'అంటున్నాడు'ను కొట్టేసి దాన్ని నిజం చేసేసింది. కాంక్రీట్‌లో నీళ్లు ఎక్కువైతే స్లంప్ పెరుగుతుంది, బలం తగ్గుతుంది. ప్లాస్టిసైజర్ మోతాదు ఎక్కువైనా స్లంప్ పెరుగుతుంది, అప్పుడు నీళ్లు పెరిగినట్టు కాదు. రెండింటిలో ఏది జరిగిందో తేలలేదు కాబట్టే క్యూబ్ ఫలితం కోసం ఆగమన్నారు. 'అంటున్నాడు' పోతే ఆగడానికి కారణమే పోయింది.

చివరి వాక్యంలో 'పడ్డాయట'లోని 'అట' కూడా అంతే. తక్కువ పడ్డాయని ఎవరో చెప్పారు, ఇంకా చూడలేదు. 'చేయించాలి'లో మరో సంగతి ఉంది. రాసినాయన తానే చూస్తానని అనలేదు, ఎవరిచేతనైనా చూపించాలన్నాడు. ఎవరిచేత? రాయలేదు. తెలుగు వాక్యం కర్త లేకుండా హాయిగా నడుస్తుంది. సారాంశాన్ని పూర్తి ఇంగ్లిష్‌లో రాసేవాళ్లకు కర్త లేకపోతే వాక్యం కుదరనట్టు అనిపిస్తుంది. అందుకని 'సైట్ ఇంజనీర్' అనో 'కాంట్రాక్టర్' అనో తోచిన పేరు పెట్టేస్తారు. అక్కడ ఖాళీని ఖాళీగానే చూపించాలి: ఎవరు చూడాలో నోట్‌లో లేదు, అని.

మరి ఎలా కుదించాలి? నా పద్ధతి ఇది. మొదట నోట్‌ను క్రియల దగ్గర విరుస్తాను, ఫుల్‌స్టాప్‌ల దగ్గర కాదు. 'క్యూబ్స్ తీశాం, సెవెన్ డే రిజల్ట్ చూసి గానీ ఆ ఏరియాలో డీషట్టరింగ్‌కి వెళ్లొద్దని కన్సల్టెంట్ గారు చెప్పారు' అన్నది ఒకే వాక్యం. అందులో జరిగిన పని ఒకటి, షరతుతో కూడిన నిషేధం ఒకటి, ఆ నిషేధం ఎవరిదన్నది ఒకటి ఉన్నాయి. ఒక్కోదాన్ని ఒక్కో వరుసగా రాసుకుంటాను. ప్రతి వరుసలోనూ నాలుగు చూస్తాను: ఏ వస్తువు, ఏ స్థితి, ఎవరి మాట, ఎక్కడికి వర్తిస్తుంది. దొరకని గడి ఖాళీగా వదిలేస్తాను.

'ఎవరి మాట' అన్న గడి నింపేటప్పుడు 'అని' ఎక్కడ ముగిసిందో చూసుకోవాలి. 'వెళ్లొద్దని చెప్పారు' దగ్గర కన్సల్టెంట్ మాట అయిపోయింది. తర్వాతి వాక్యంలో, అంటే రీప్రాపింగ్, 14 రోజులు ఉన్నచోట, 'అన్నారు' లేదు. అది కన్సల్టెంట్ చెప్పిందే కావచ్చు, రాసినాయన సొంత అభిప్రాయమూ కావచ్చు. వరుసగా చదువుకుంటూ పోతే అంతా కన్సల్టెంట్ నోటి మాటలాగే వినిపిస్తుంది. సారాంశంలో ఆ 14 రోజులను ఆయనకు అంటగట్టకూడదు.

విషయం తెలిసినవాళ్లు ఇక్కడే ఇంకో పొరపాటు చేస్తారు. స్లాబు స్పాన్ 4.5 మీటర్ల లోపు ఉంటే ప్రాప్స్‌కు కనీసం 7 రోజులు, అంతకు మించితే 14 రోజులు అని ఐఎస్ 456 కోడ్ చెబుతుంది. ఈ ఇంట్లో గదులు చిన్నవే కదా, 14 ఎందుకు, 7 కదా అని దిద్దబుద్ధి వేస్తుంది. కోడ్‌లోని ఆ రోజులు ఆర్డినరీ పోర్ట్‌లాండ్ సిమెంట్‌కు చెప్పినవి. ఈ నోట్‌లో ఉన్నది పీపీసీ, అది మొదట్లో నెమ్మదిగా బలం పుంజుకుంటుంది. అదీగాక సారాంశం రాసేవాళ్ల పని నోట్‌లో ఏముందో చెప్పడం. అనుమానం ఉంటే కింద విడిగా ప్రశ్నగా రాయాలి.

ఇక పదాల సంగతి. ఏవి అలాగే ఉంచాలి, ఏవి తెలుగు చేయవచ్చు? 'సెకండ్ ఫ్లోర్'ను రెండో అంతస్తు అన్నా, 'లాస్ట్ రెండు'ను చివరి రెండు అన్నా నష్టం లేదు. తెలుగులో పెట్టినప్పుడు రెండు వేర్వేరు సంగతులు ఒకే మాటలో కలిసిపోతే మాత్రం ముట్టుకోకూడదు. కాంక్రీట్ పనిలో సెట్టింగ్, హార్డెనింగ్ రెండూ ఉన్నాయి. సెట్టింగ్ గంటల్లో ముగిసేది, హార్డెనింగ్ వారాల తరబడి సాగేది. రెండింటినీ 'గట్టిపడటం' అంటే పొద్దున పోసిన స్లాబు సాయంత్రానికే బరువు మోస్తుందనుకునే ప్రమాదం ఉంది. కవర్ కూడా అలాంటిదే. కడ్డీకీ కాంక్రీట్ బయటి తలానికీ మధ్య వదిలే మందం అది, కప్పు కాదు, మూత కాదు.

ఉంచిన పదాన్ని చివరిదాకా ఒకే రూపంలో ఉంచాలి. డీషట్టరింగ్ అని మొదలుపెట్టి, మధ్యలో షట్టరింగ్ తీయడం అని, చివర సెంట్రింగ్ ఊడదీయడం అని రాస్తే చదివేవాళ్లకు మూడు పనులుగా కనిపిస్తాయి. ఈ నోట్‌లోనే ఆ ఇబ్బంది ఉంది. సి, డి మధ్య వద్దన్న డీషట్టరింగ్ అంటే ప్లేట్లు మాత్రమేనా, ప్రాప్స్ కూడానా? తర్వాతి వాక్యం రెండింటినీ విడదీసింది, ఇది విడదీయలేదు. నేనైతే డీషట్టరింగ్ అనే ఉంచి, కింద ప్రశ్న రాస్తాను.

ఏది వదిలేయాలి అన్నది పని తెలిస్తేనే తేలుతుంది. ఓనర్ గారి రాక, లేబర్ భోజనం వదిలేయవచ్చు. ట్రక్కులు ఆలస్యంగా రావడం కూడా కాలక్షేపం కబురులాగే కనిపిస్తుంది, పైగా భోజనంతో కలిపి ఒకే వాక్యంలో ఉంది. కానీ ఆలస్యమయ్యేకొద్దీ కాంక్రీట్ స్లంప్ మామూలుగా తగ్గాలి. ఇక్కడ పెరిగింది. ఆ వింతే ఆపరేటర్ మాట మీద అనుమానానికి మూలం. అందుకే వాక్యాన్ని సగానికి కోసి, ఆలస్యాన్ని ఉంచాలి.

ఇక తేదీలు. 'నిన్న' అన్న మాట సారాంశంలో ఉండకూడదు, అది చదివే రోజును బట్టి మారిపోతుంది. జూన్ 11 అని రాయాలి. 14 రోజులను లెక్కగట్టి తేదీ వేసినప్పుడు అసలు అంకెనూ పక్కనే ఉంచాలి, లెక్క మనది కాబట్టి.

ఇవన్నీ చూసుకుంటే ఇలా వస్తుంది:

> జూన్ 11న రెండో అంతస్తు స్లాబ్ కాస్టింగ్ పూర్తయింది (ఎం25, పీపీసీ). ఆలస్యంగా వచ్చిన చివరి రెండు ట్రక్కులకు స్లంప్ 100 బదులు 140 వచ్చింది, ఆ కాంక్రీట్ గ్రిడ్ సి, డి మధ్య ఉంది. సైట్‌లో నీళ్లు కలపలేదని ఆపరేటర్ అంటున్నాడు. క్యూబ్స్ తీశారు. సెవెన్ డే రిజల్ట్ చూడకుండా సి, డి మధ్య డీషట్టరింగ్ వద్దని కన్సల్టెంట్ చెప్పారు. మిగతాచోట రీప్రాపింగ్ చేస్తేనే షట్టర్ ప్లేట్లు ముందే తీయవచ్చు, ప్రాప్స్ మాత్రం 14 రోజుల దాకా (జూన్ 25) కదపకూడదు. క్యూరింగ్ 10 రోజులు చేయాలి. మెట్ల దగ్గర కవర్ బ్లాక్స్ తక్కువ పడ్డాయన్న మాట వచ్చింది, చెక్ చేయించాలి.
>
> అడగాల్సినవి: 14 రోజులు ఎవరు చెప్పారు? సి, డి మధ్య ప్రాప్స్ కూడా ఫలితం వచ్చేదాకా ఆగాలా? కవర్ బ్లాక్స్ ఎవరు చూడాలి?

అసలుదానికంటే ఇది మరీ చిన్నదేమీ కాదు. ఇలాంటి నోట్ అంతకంటే తగ్గదు, తగ్గించమని పై నుంచి ఒత్తిడి వచ్చినా సరే. రాసింది సరిగా ఉందో లేదో చూసుకోవడానికి అసలు నోట్ పక్కన పెట్టేసి, సారాంశం మాత్రమే చేతిలో ఉన్న మేస్త్రీ రేపు ఏం చేస్తాడో ఊహించుకుంటాను. ఆ తర్వాత అసలు నోట్‌లో 'లేదు, వద్దు, కూడదు, గానీ, చేస్తే, మాత్రం, దాకా, అట, అని' ఉన్న ప్రతిచోటా గీత గీసి, ఒక్కో గీతకు సారాంశంలో జోడు వెతుకుతాను. పై సారాంశంలోనే ఈ పరీక్షకు ఒకటి చిక్కింది. నోట్‌లో 'రీప్రాపింగ్ చేస్తే' అని ఉంది, సారాంశంలో 'చేస్తేనే' అయ్యింది. అర్థానికి సరిపోయేలాగే ఉన్నా, ఆ 'నే' నోట్ రాసినాయనది కాదు. దాన్ని తీసేసి పంపాలి.