పొడుగు పరుగందుకునే వేళ

ఫ్రాన్స్‌లో మోంబెయార్ ప్రభువు 1759 నుంచి 1777 వరకు తన కొడుకు ఎత్తును దాదాపు ఆరు నెలలకోసారి కొలిచాడు. మిత్రుడు బ్యూఫాన్ ఆ కొలతలను అచ్చువేశాడు. ఎత్తు ఎంతన్నది కాక, ఏడాదికి ఎంత పెరిగాడన్నది గీస్తే, పద్నాలుగేళ్ల దగ్గర గీత శిఖరంలా లేస్తుంది. ఎదుగుదల వేగం పతాకస్థాయికి చేరేది అక్కడే. సాధారణంగా ఆడపిల్లల్లో అది పన్నెండేళ్ల ప్రాంతంలో, మగపిల్లల్లో పద్నాలుగు ప్రాంతంలో వస్తుంది.

ఇంట్లోనూ లెక్కకట్టొచ్చు. ఒక అబ్బాయి పదమూడేళ్లకు 150 సెంటీమీటర్లు, తర్వాత ఆరేసి నెలలకు 153, 158, 161.5 ఉన్నాడనుకుందాం. పెరిగినవి 3, 5, 3.5. రెట్టింపు చేస్తే ఏడాది వేగం 6, 10, 7. అంటే శిఖరం పదమూడున్నరకూ పద్నాలుగుకూ మధ్య వచ్చింది. వేగం తగ్గాకే ఆ సంగతి తేలుతుంది. ముందే చెప్పడం కుదరదు.

నెలనెలా కొలిస్తే ఇంకా బాగా తెలుస్తుందనిపిస్తుంది కానీ, అదే తప్పుదారి. అర సెంటీమీటరు పొరపాటు నెల లెక్కలో ఏడాదికి 6 సెంటీమీటర్లుగా ఉబ్బుతుంది. ఆరు నెలల లెక్కలో 1 మాత్రమే. పైగా ఉదయంకంటే సాయంత్రం ఎత్తు కాస్త తగ్గుతుంది. అందుకే ఎప్పుడూ ఒకే వేళకు, చెప్పుల్లేకుండా, మడమలు గోడకు ఆనించి, తలమీద అట్టను అడ్డంగా పెట్టి రెండుసార్లు కొలవాలి.