తొంభై నిమిషాల్లో ఒక్క ప్రశ్న

స్టాటిస్టిక్స్ ట్యుటోరియల్‌ అంటే బోర్డు మీద లెక్కలు చేయడమేనా? కేరళ, బీహార్‌ల మరణాల రేటు చేతికిస్తే విద్యార్థులే వాదించుకుంటారు. కాకపోతే దానికి ముందస్తు కసరత్తు కావాలి.

కేరళలో మరణాల రేటు బీహార్‌ కన్నా ఎక్కువ. వినగానే పొరపాటుగా అనిపించే ఈ మాట నిజమే. శాంపిల్‌ రిజిస్ట్రేషన్‌ సిస్టమ్‌ (ఎస్‌ఆర్‌ఎస్‌) 2020 లెక్కల ప్రకారం ప్రతి వెయ్యి జనాభాకు ఏటా కేరళలో 7 మంది చనిపోతుంటే, బీహార్‌లో 5.4 మందే చనిపోతున్నారు. వైద్యంలో దేశానికే ఆదర్శమని పేరున్న రాష్ట్రం ఈ పట్టికలో వెనకబడి కనిపిస్తుంది. ఎందుకు?

స్టాటిస్టిక్స్ ట్యుటోరియల్‌ను నడిపించడానికి ఇంతకన్నా మంచి ప్రశ్న దొరకడం కష్టం. మన విశ్వవిద్యాలయాల టైంటేబుళ్లలో లెక్చర్‌, ట్యుటోరియల్‌, ప్రాక్టికల్‌ అని మూడు గళ్లు ఉంటాయి. ఆచరణలో రెండోది తరచూ మొదటిదానికి కొనసాగింపుగా మారిపోతుంది. అధ్యాపకుడు బోర్డు మీద లెక్క చేస్తాడు, విద్యార్థులు రాసుకుంటారు, తొంభై నిమిషాలు గడిచిపోతాయి. సూత్రం నోట్‌బుక్కులోకి చేరుతుంది. దాన్ని ఎప్పుడు వాడాలో మాత్రం తలలోకి చేరదు. అమెరికాలో 225 అధ్యయనాలను కలిపి పరిశీలించి 2014లో ప్రచురించిన ఒక విశ్లేషణలో, కేవలం ఉపన్యాసం విన్న సైన్స్‌, గణితం తరగతుల్లో దాదాపు 34 శాతం మంది ఫెయిలైతే, విద్యార్థులు చర్చించి పని చేసిన తరగతుల్లో ఫెయిలైనవారు 22 శాతమే.

అయితే ‘చర్చించండి’ అన్నంత మాత్రాన చర్చ పుట్టదు. ‘మరణాల రేటు లెక్కగట్టండి’ అంటే జవాబు ఒక్కటే. తెలిసినవాడు చెబుతాడు, మిగతావాళ్లు రాసుకుంటారు. వాదన పుట్టాలంటే తప్పు జవాబులు కూడా నమ్మదగ్గవిగా ఉండాలి. ఇక్కడ నాలుగు జవాబులు ఇవ్వవచ్చు. ఒకటి, కేరళలో వైద్యం అనుకున్నంత బాగా లేదు. రెండు, బీహార్‌లో మరణాలన్నీ నమోదు కావడం లేదు. మూడు, కేరళలో వృద్ధులు ఎక్కువ. నాలుగు, ఈ రెండు అంకెలతో ఏమీ చెప్పలేం. వీటిలో మొదటిదే బలహీనం. మిగిలిన మూడింటికీ వకాల్తా పుచ్చుకోవచ్చు.

ముందు ఓటు, తర్వాత మాట

24 మంది ఉన్న తరగతి అనుకుందాం. మొదటి ఐదు నిమిషాలు ఎవరూ మాట్లాడకూడదు. ఎవరికి వారు జవాబునూ దానికి కారణాన్నీ ఒక వాక్యంలో చీటీ మీద రాయాలి. ఈ మౌనం ముఖ్యం. అది లేకపోతే ముందు వరుసలో చురుకైన విద్యార్థి చెప్పిందే అందరి అభిప్రాయం అవుతుంది. తర్వాత చేతులెత్తించి లెక్కించాలి.

హార్వర్డ్‌ భౌతికశాస్త్రం ప్రొఫెసర్‌ ఎరిక్‌ మజూర్‌ 1990ల మొదట్లో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. ఆయన పద్ధతిలో ఓ మోటు కొలత ఉంది. సరైన దారిలో ఉన్నవారు సుమారు 30 నుంచి 70 శాతం మధ్య ఉంటేనే చర్చ ఫలిస్తుంది. అంటే ఈ తరగతిలో ఏడెనిమిది మంది నుంచి పదహారు మంది దాకా. అంతకన్నా తక్కువైతే ప్రశ్నకు కావలసిన పునాదే లేదని అర్థం, దాన్ని మళ్లీ చెప్పాలి. ఎక్కువైతే వాదించడానికి ఏమీ మిగలదు, ముందుకు సాగిపోవాలి.

తర్వాత పదిహేను నిమిషాలు, వేర్వేరు జవాబులు రాసిన వారిని జంటలుగా కూర్చోబెట్టాలి. చర్చ వేడెక్కాక రెండో చీటీ ఇవ్వాలి: 2020లో శిశు మరణాలు ప్రతి వెయ్యి జననాలకు కేరళలో 6, బీహార్‌లో 27. మొదటి జవాబు ఇక్కడే కూలుతుంది. వైద్యం బాగా లేని చోట పసిపిల్లలు ఎలా బతుకుతున్నారు? నమోదు లోపమన్న వాదన మాత్రం అంత తేలిగ్గా పోదు, పోకూడదు కూడా. ఎస్‌ఆర్‌ఎస్‌ నమూనా ప్రాంతాల్లో ఒకరు ఎప్పటికప్పుడు జనన మరణాలు నమోదు చేస్తే, వేరొకరు ఆరు నెలలకోసారి సర్వే చేసి ఆ లెక్కతో సరిచూస్తారు. దీనివల్ల లోపం తగ్గుతుంది తప్ప మాయం కాదు. ‘అంకె ఎవరు, ఎలా పోగేశారు?’ అని విద్యార్థి అడగడం మొదలైందంటే తరగతి దారిలో పడినట్టే.

మూడో చీటీలో జనాభా లెక్కలు: 2011లో అరవై దాటినవారు కేరళలో 12.6 శాతం, బీహార్‌లో 7.4 శాతం.

లెక్క చేసేది వాళ్లే

కారణం దొరికింది. కానీ ‘వృద్ధులు ఎక్కువ’ అనడం వేరు, ఆ ప్రభావాన్ని తీసేసి పోల్చడం వేరు. తర్వాతి ముప్పై నిమిషాలు దీనికే. నలుగురేసి కూర్చుని, పదేసి వేల జనాభా ఉన్న రెండు ఊహా పట్టణాల లెక్క చేయాలి.

‘క’ పట్టణంలో అరవై లోపువారు 8,000, పైబడినవారు 2,000. మరణాలు వెయ్యికి వరుసగా 2, 30. అంటే 16, 60, మొత్తం 76. రేటు 7.6. ‘గ’ పట్టణంలో 9,000, 1,000. మరణాలు వెయ్యికి 3, 35. అంటే 27, 35, మొత్తం 62. రేటు 6.2. రెండు వయసుల్లోనూ ‘క’ మెరుగే. అయినా మొత్తం మీద అదే అధ్వానంగా తేలింది.

ఇప్పుడు ‘క’ రేట్లను ‘గ’ జనాభాకు వర్తింపజేయమనాలి. 18, 30 కలిపి 48, అంటే రేటు 4.8. ‘గ’ రేటు 6.2. తారుమారైంది. కొన్ని బృందాలకు ఎదురు లెక్క ఇవ్వాలి. ‘గ’ రేట్లను ‘క’ జనాభాకు వర్తింపజేస్తే 24, 70 కలిపి 94, అంటే 9.4. ‘క’ది 7.6. ఒక బృందానికి 4.8, 6.2 వచ్చాయి. పక్క బృందానికి 7.6, 9.4. ఎవరిది తప్పు? ఎవరిదీ కాదు. సర్దుబాటు చేసిన రేటు పోలికకే తప్ప, అదొక వాస్తవ మరణాల సంఖ్య కాదన్న సంగతి ఈ తగువులోంచే బయటపడాలి. అధ్యాపకుడు ఇక్కడ తొందరపడి తీర్పు చెప్పేస్తే అప్పటిదాకా పడిన శ్రమ వృథా.

చెడేది ఎక్కడ?

ఎక్కువ తరగతులు మౌనం దగ్గరే దెబ్బతింటాయి. ప్రశ్న అడిగాక ఉపాధ్యాయులు సగటున ఒక సెకను మించి ఆగరని అమెరికన్‌ పరిశోధకురాలు మేరీ బడ్‌ రో 1970ల్లోనే గమనించారు. మూడు సెకన్లు, ఆపైన ఆగితే జవాబులు పొడవుగా, సకారణంగా వచ్చాయి. రెండో అడ్డంకి భాష. ఇంగ్లిష్‌లోనే మాట్లాడాలంటే సగం నోళ్లు మూతపడతాయి. జంటలో తెలుగులోనో, హిందీలోనో వాదించుకుని, చివరి వాక్యం ఇంగ్లిష్‌లో రాయమంటే సరిపోతుంది.

ఈ పద్ధతికి పరిమితులూ ఉన్నాయి. సర్దుబాటు ఎలా చేయాలో విద్యార్థులు తమంతట తాము కనిపెట్టలేరు, దాన్ని పది నిమిషాల్లో నేరుగా చెప్పాల్సిందే. కాకపోతే అది అవసరమని వాళ్లకు అనిపించాక చెప్పాలి. తరగతికి ఒక్క అంశం కన్నా ఎక్కువ పట్టదు, సిలబస్‌లో మిగతాది ఇంటిపనికి వెళ్తుంది. విద్యార్థులకు నచ్చకపోవచ్చు కూడా. హార్వర్డ్‌లో 2019లో వెలువడిన ఒక అధ్యయనంలో, చర్చతో చదివినవారు పరీక్షలో ఎక్కువ మార్కులు తెచ్చుకున్నారు, కానీ తాము తక్కువ నేర్చుకున్నామనే భావించారు.

అందుకే మిగిలిన సమయంలో కొంత వాదనలను అందరి ముందు పెట్టడానికి, చివరి పది నిమిషాలు పరీక్షకు కేటాయించాలి. ప్రతి ఒక్కరూ ఒంటరిగా జవాబు రాయాలి: ఒక ప్రభుత్వాసుపత్రిలో మరణాల శాతం పక్కనున్న కార్పొరేట్‌ ఆసుపత్రి కన్నా ఎక్కువ. ఎక్కడ వైద్యం మెరుగో చెప్పే ముందు ఏ వివరాలు అడుగుతారు? ‘రోగులు ఏ స్థితిలో చేరారు’ అని రాసినవారికి విషయం అందినట్టు. ‘వయసు’ అని మాత్రమే రాసినవారు కేరళ కథను గుర్తుపెట్టుకున్నారు, సూత్రాన్ని కాదు. వాళ్లెంతమందో చూస్తే తర్వాతి ట్యుటోరియల్‌ ఎక్కడ మొదలుపెట్టాలో తెలిసిపోతుంది.